జీఆర్ఈ కంపారిజన్ ప్రశ్నల్లో విలువలు పెట్టి చూడటం ఎంతవరకు పనిచేస్తుంది?

ప్రశ్న: జీఆర్ఈ క్వాంటిటేటివ్ కంపారిజన్‌లో రెండు వైపులా పూర్తిగా లెక్క కట్టేసరికి టైమ్ అయిపోతోంది. చిన్న విలువలు పెట్టి చూస్తే చాలంటున్నారు. నమ్మొచ్చా అన్నా? మాది గుంటూరు.

నమ్మొచ్చు తమ్ముడూ, కానీ ఒక హద్దు ఉంది. విలువలు పెట్టి చూస్తే ఖాయంగా తేలేది నాలుగో ఆప్షన్ ఒక్కటే, అంటే 'ఇచ్చిన సమాచారంతో చెప్పలేం' అన్నది. రెండు విలువలకు రెండు రకాల ఫలితం వస్తే అక్కడితో పని అయిపోయినట్టే. ఎన్నిసార్లు పెట్టినా ఒకే ఫలితం వస్తుంటే మాత్రం ఇంకా ఏమీ రుజువు కాలేదని అర్థం.

బ్రాడీపేటలో మా జూనియర్లకు లెక్కలు చెప్పేటప్పుడు నేను ముందు ఇచ్చే ప్రశ్న ఇది: A వైపు x² + 1, B వైపు 2x, షరతులేవీ లేవు. దాదాపు అందరూ 3 పెడతారు. 10, 6 వస్తాయి, A పెద్దది. 0 పెడితే 1, 0. -2 పెడితే 5, -4. మూడుసార్లూ A రాగానే టిక్ పెట్టేస్తారు. కానీ x = 1 అయితే రెండు వైపులా 2 వస్తుంది. ఒకసారి A పెద్దది, ఒకసారి సమానం, కాబట్టి జవాబు 'చెప్పలేం'.

ఆ 1 ఎలా తడుతుంది? రెండు మూడు విలువలకు ఒకే ఫలితం వస్తే అక్కడ ఆగి, ఒకదాని నుంచి ఇంకోటి తీసెయ్యాలి. ఇక్కడ తేడా x² - 2x + 1, అంటే (x - 1)². ఇది 1 దగ్గర సున్నా అవుతుందని చూడగానే తెలుస్తుంది. అదే A వైపు x² + 2 ఉంటే తేడా (x - 1)² + 1. అది ఎప్పటికీ 1 కంటే తగ్గదు, కాబట్టి ధైర్యంగా A పెట్టొచ్చు. ఎంసెట్‌కి చదివిన మనకు విలువ తేలేదాకా వదలకపోవడం అలవాటు. ఇక్కడ వాళ్లు విలువ అడగడం లేదు, తేడా ప్లస్సా మైనస్సా అన్నదే అడుగుతున్నారు.

ఏ విలువలు పెట్టాలన్నది షరతును బట్టి ఉంటుంది. షరతు లేకపోతే 0, 1, -1, 1/2, ఒక పెద్ద సంఖ్య చూడు. ఆ పెద్ద సంఖ్యను చాలామంది వదిలేస్తారు. n ధన పూర్ణాంకం, A వైపు 2ⁿ, B వైపు 100n అనుకో. 1, 2, 3 పెడితే B చాలా పెద్దది. 10 పెడితే 1024, 1000 వచ్చి A ముందుకెళ్తుంది.

2023 సెప్టెంబర్ నుంచి మ్యాథ్స్‌లో 27 ప్రశ్నలకు 47 నిమిషాలే, అంటే ప్రశ్నకు రెండు నిమిషాలు కూడా లేవు. అందుకే ఇంకోటి గుర్తుపెట్టుకో: రెండు వైపులా x, n లాంటివేవీ లేకుండా ఉత్త సంఖ్యలే ఉంటే 'చెప్పలేం' జవాబు కానే కాదు, దాన్ని ముందే కొట్టెయ్.