ఓక్ చెట్టు కింది పుట్టగొడుగులు: ఫొటో చూసి ‘తినండి’ అని ఎందుకు చెప్పలేం

ప్రశ్న: మేం శాన్ హోసేలో ఉంటాం. డిసెంబర్ వానలకి పెరట్లో ఓక్ చెట్టు కింద ఇవి లేచాయి. అచ్చం ఊళ్లో తినే వరిగడ్డి పుట్టగొడుగుల్లాగే ఉన్నాయి, అడుగున సంచి కూడా ఉంది. ఫొటో పెట్టాను. వండుకోవచ్చా?

జవాబు:

దయచేసి వండకండి. మీ ఫొటో స్పష్టంగానే ఉంది. కానీ తేల్చాల్సిన విషయాలు ఏ ఫొటోలోనూ పడవు.

మా పెదనాన్నగారు గోదావరి జిల్లాలో గడ్డి బెడ్ల మీద వరిగడ్డి పుట్టగొడుగులు పెంచేవారు, కాబట్టి మీకు ఎందుకలా అనిపించిందో నాకు బాగా అర్థమవుతుంది. అవి గుడ్డులా మొదలై, పొర చీల్చుకుని పైకి లేస్తాయి. ఆ చిరిగిన పొరే కాడ అడుగున సంచిలా మిగులుతుంది. కాలిఫోర్నియా ఓక్ చెట్ల వేళ్లతో కలిసి బతికే డెత్ క్యాప్ అనే ప్రాణాంతకమైన విషపు పుట్టగొడుగు కూడా సరిగ్గా ఇలాగే పుడుతుంది. అంటే మీకు ధైర్యమిచ్చిన ఆ సంచే ఇక్కడ అన్నిటికన్నా పెద్ద ప్రమాద సూచన. అదీకాక వరిగడ్డి రకానికి మంచి ఉక్కపోత కావాలి. బే ఏరియా డిసెంబర్ చలిలో అది ఆరుబయట మొలవడం అనుమానమే.

రెండింటికీ తేడా ఉంది. గొడుగు కింది నుంచి సన్నటి పొడిలా రాలే సిద్ధబీజాలు వరిగడ్డి రకానివి గులాబీ రంగు, డెత్ క్యాప్‌వి తెలుపు. కానీ లేతగా ఉన్నప్పుడు రెండింటికీ గొడుగు కింది రేకులు తెల్లగానే ఉంటాయి. బీజాలు ముదిరాకే వరిగడ్డి రకం రేకులు గులాబీకి తిరుగుతాయి. డెత్ క్యాప్ కాడ మీద ఉంగరంలాంటి పలచటి పొర ఉంటుంది, వరిగడ్డి రకానికి ఉండదు. కానీ ఆ పొర వానకి, చేయి తగిలి రాలిపోవచ్చు. ఇక పైరంగు సంగతి: డెత్ క్యాప్ లేత ఆకుపచ్చ నుంచి పసుపు, దాదాపు తెలుపు దాకా ఉంటుంది. పైగా చెట్టు నీడలో ఫోన్ కెమెరా రంగుని తనకు తోచినట్టు మార్చేస్తుంది.

పోయిన శీతాకాలం మా స్నేహితురాలు ఇలాంటి ఫొటోనే పంపింది. అందులో ఉంగరం లేదు, సంచి కనబడలేదు, గొడుగు తెల్లగా ఉంది. నేను వెళ్లి చూశాను. ఆమె వాటిని పైనుంచి తుంచేసింది. ఇంకా నేలలో ఉన్నదాన్ని కత్తితో చుట్టూ మట్టి తవ్వి మొత్తంగా బయటికి తీస్తే, అడుగున తెల్లటి సంచి కనిపించింది. బాగా విచ్చుకున్న ఒకదాని కాడ కోసేసి, సగం తెలుపు సగం నలుపు ఉన్న కాగితం మీద గొడుగుని బోర్లించి, గిన్నె మూసి రాత్రంతా ఉంచాం. తెల్లారేసరికి నలుపు భాగం మీద తెల్లటి పొడి గీతలు పడ్డాయి, తెలుపు భాగం మీద ఏమీ తెలియలేదు. అవి వరిగడ్డి రకం కాదని అక్కడితో తేలింది. ఓక్ చెట్టు కింద సంచి, తెల్లటి బీజాలు రెండూ ఉన్నాయి కాబట్టి అన్నీ పారేయించాను.

ఈ పరీక్షకీ హద్దులున్నాయి. గుడ్డు దశలో ఉన్నవి బీజాలు రాల్చవు, చాలామంది ఇష్టంగా ఏరుకునేవేమో అవే. పొడి గులాబీగా పడినా తినొచ్చని అర్థం కాదు, ఎందుకంటే గులాబీ బీజాలున్న విష రకాలు వేరే ఉన్నాయి. పైగా పరీక్షించింది ఒక్కదాన్నే. బుట్టలో పక్కనున్నది ఇంకో రకం కావచ్చు. ఫొటోతో ఉన్న చిక్కు కూడా ఇదే. ఉంగరం స్పష్టంగా కనిపిస్తే ‘ఇది వరిగడ్డిది కాదు, వద్దు’ అని ఫొటో చూసి చెప్పొచ్చు. కనిపించకపోతే మాత్రం ఏమీ తేలదు. అందుకే ఫొటో చూసి ‘తినండి’ అనేవాళ్ల మాట, ఎంత అనుభవం ఉన్నవాళ్లదైనా, నమ్మకండి.

ఉడికించినా, ఎండబెట్టినా, ఫ్రీజ్ చేసినా ఈ విషం పోదు. పురుగులు, ఉడతలు కొరికాయి కదా అనేది కూడా లెక్కలోకి రాదు. సగం గొడుగు పెద్దవాళ్ల ప్రాణం తీయడానికి చాలు. 2016 డిసెంబర్‌లో ఉత్తర కాలిఫోర్నియాలో 14 మందికి డెత్ క్యాప్ విషం ఎక్కింది. అందరూ బతికారు గానీ ముగ్గురికి కాలేయ మార్పిడి చేయాల్సి వచ్చింది. వాళ్లలో ఒక పసిపాపకి మెదడు శాశ్వతంగా దెబ్బతింది.

ఇంట్లో ఎవరైనా ఇప్పటికే రుచి చూసి ఉంటే వాంతులు అయ్యేదాకా ఆగకండి. సాధారణంగా 6 గంటలు దాటాకే వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. తర్వాత ఒక రోజు తగ్గినట్టే అనిపిస్తుంది, లోపల కాలేయం పాడవుతూనే ఉంటుంది. వెంటనే 1-800-222-1222 పాయిజన్ కంట్రోల్‌కి ఫోన్ చేసి ఎమర్జెన్సీకి వెళ్లండి. మిగిలిన పుట్టగొడుగుల్ని, అడుగు భాగంతో సహా, కాగితం సంచిలో వేసి వెంట తీసుకెళ్లండి.