ఎర్రగా కనిపిస్తే ఎండినట్టు కాదు: శాటిలైట్ చిత్రంలో మీ చీనీ తోట

ప్రశ్న: సార్, నేను అనంతపురంలో బీఎస్సీ ఫైనలియర్ చదువుతున్నాను. మాది నార్పల దగ్గర పల్లె. రిమోట్ సెన్సింగ్ వైపు వెళ్దామని, నెట్‌లో ఉచితంగా దొరికే సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాన్ని ఫాల్స్ కలర్‌లో తెరిచి చూశాను. మా వైపు అక్కడక్కడా ఎర్రటి మచ్చలు. నాన్న చూసి "ఎండకు మాడిపోయింటాయి, లేకపోతే మన ఎర్ర నేలే అయ్యుంటుంది" అన్నాడు. పచ్చగా ఉండే మా చీనీ తోటేమో పాలిపోయిన గులాబీ రంగులో ఉంది. చెరువులో ఎవరికీ పనికిరాని కంపచెట్లు మాత్రం నిండు ఎరుపులో ఉన్నాయి. దీన్ని ఎలా చదవాలి? ఇలాంటివి ఇంటర్వ్యూల్లో అడుగుతారా?

జవాబు: అడుగుతారు. ఈ రంగంలో మొదటి పది నిమిషాల్లోనే నీ ముందు ఒక చిత్రం పెట్టి "ఇక్కడ ఏముంది, ఎందుకనుకుంటున్నావు?" అంటారు. ఎరుపంటే పంట అని చెప్పి ఆగిపోయేవాళ్లు చాలామంది ఉంటారు. నువ్వు అడిగిన చీనీ తోట సంగతి వివరించగలిగినవాళ్లు తక్కువ. అందుకే దాని మీదే వివరంగా రాస్తున్నాను.

ముందు ఎరుపు ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. స్క్రీన్ మీద ప్రతి రంగూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిస్తేనే వస్తుంది. ఫాల్స్ కలర్‌లో ఈ మూడింటికీ వేరే కొలతలు ఇస్తారు. కంటికి కనిపించని నియర్ ఇన్‌ఫ్రారెడ్ కాంతి నేల నుంచి ఎంత వెనక్కి వచ్చిందో దాన్ని స్క్రీన్ ఎరుపులో చూపిస్తారు. ఎర్ర కాంతిని స్క్రీన్ ఆకుపచ్చలో, ఆకుపచ్చ కాంతిని స్క్రీన్ నీలంలో చూపిస్తారు. సెంటినెల్-2లో ఆ మూడు కాంతుల బ్యాండ్లు వరసగా B8, B4, B3. మన రిసోర్స్‌శాట్ ఉపగ్రహాల్లోని లిస్-3, లిస్-4 కెమెరాలకు నీలం బ్యాండే లేదు, కంటికి కనిపించే అసలు రంగుల్లో చిత్రం చేయడం వాటితో కుదరదు. కాబట్టి మన దేశంలో ఈ పని చేసేవాళ్లకు రోజూ కళ్లముందుండేది ఈ ఎర్ర చిత్రమే.

ఇప్పుడు ఆకు. పత్రహరితం ఎర్ర కాంతిని ఆహార తయారీకి పీల్చేసుకుంటుంది. అందుకని B4లో వచ్చేది చాలా తక్కువ. ఆకుపచ్చ కాంతి కాస్త ఎక్కువ వస్తుంది, అదీ కొంచెమే. నియర్ ఇన్‌ఫ్రారెడ్‌ను మాత్రం పత్రహరితం ముట్టుకోదు. ఆకు లోపల కణాలకూ వాటి మధ్య ఉండే గాలి ఖాళీలకూ తగిలి ఆ కాంతి చెల్లాచెదురై, దాదాపు సగం వెనక్కి వచ్చేస్తుంది. మిగిలిన దాంట్లో ఎక్కువ భాగం కింది ఆకు మీద పడి, అక్కడి నుంచి మళ్లీ కొంత పైకి వస్తుంది. అంటే గుబురు పెరిగేకొద్దీ B8 పెరుగుతుంది. ఒకటి ఎక్కువగా, మిగిలిన రెండూ తక్కువగా ఉంటేనే నిండు ఎరుపు వస్తుంది. మూడూ ఎక్కువైతే తెలుపు, మేఘాలు అలా కనిపిస్తాయి. మూడూ తక్కువైతే నలుపు, లోతైన నీళ్లు అలా కనిపిస్తాయి.

మీ నాన్నగారి అనుమానానికి జవాబు ఇందులోనే ఉంది. ఎర్ర నేల నియర్ ఇన్‌ఫ్రారెడ్‌ను పంపినా, దానితోపాటు ఎర్ర కాంతినీ బాగానే పంపుతుంది. అది స్క్రీన్ మీద ఆకుపచ్చకు చేరుతుంది కాబట్టి మన ఎర్ర నేల అక్కడ పసుపు, ఆకుపచ్చ, బూడిద రంగుల మధ్య ఎక్కడో ఉంటుంది. ఎండిన పంటలో పత్రహరితం పోతుంది, ఎర్ర కాంతి వెనక్కి రావడం పెరుగుతుంది, ఎరుపు పాలిపోతుంది. మాడిన చేను నిండు ఎరుపులో కనిపించదు.

మరి పచ్చని చీనీ తోట ఎందుకు పాలిపోయింది? చెట్టుకు జబ్బేమీ లేకపోవచ్చు. సెంటినెల్-2 పిక్సెల్ నేల మీద 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. చీనీని ఇరవై అడుగుల ఎడంతో నాటారనుకో, అంటే సుమారు 6 మీటర్లు. ఒక పిక్సెల్‌లో మూడు చెట్లు కూడా పట్టవు. ఒక్కో చెట్టు కొమ్మలు 4 మీటర్ల మేర విస్తరించాయనుకుంటే, పిక్సెల్‌లో ఆకు కప్పింది 35 శాతమే. మిగతా 65 శాతం దున్ని శుభ్రంగా ఉంచిన ఎర్ర నేల. ఉపగ్రహం ఈ రెండింటినీ కలిపి ఒకే రంగుగా ఇస్తుంది.

లెక్క వేసి చూడు. పడిన కాంతిలో ఎంత వంతు వెనక్కి వచ్చిందో అదే ఇక్కడి సంఖ్య. ఉదాహరణకు ఆకుకు B8 0.42, B4 0.05 అనుకుందాం. వట్టి నేలకు B8 0.28, B4 0.20. పచ్చదనం ఎంత ఉందో ఒక్క సంఖ్యలో చెప్పే ఎన్‌డీవీఐ సూత్రం నీకు తెలిసే ఉంటుంది:

```
NDVI = (B8 - B4) / (B8 + B4)

ఆకు మాత్రమే:  0.37 / 0.47 = 0.79
నేల మాత్రమే:  0.08 / 0.48 = 0.17
మీ తోట పిక్సెల్:
  B8 = 0.35*0.42 + 0.65*0.28 = 0.33
  B4 = 0.35*0.05 + 0.65*0.20 = 0.15
  NDVI = 0.18 / 0.48 = 0.38
```

0.38 చూసి ఎవరైనా తోట దెబ్బతిందని రిపోర్టు రాస్తే అది తప్పు. నెల రోజుల వేరుశనగ చేనుదీ ఇదే కథ, సాళ్ల మధ్య నేల కనిపిస్తుంది కాబట్టి గులాబీగా ఉంటుంది. చెరువులో కంపచెట్లు, అదే సర్కారు తుమ్మ, సందు లేకుండా అల్లుకుంటాయి. వేసవిలో కూడా పచ్చగా ఉంటాయి. అందుకే నిండు ఎరుపు. ఉపగ్రహానికి పంటా కంపా తేడా లేదు. ఆరోగ్యంగా, దట్టంగా ఉన్న ఆకు ఎంత ఉందో అంతవరకే ఆ ఎరుపు చెబుతుంది.

అది ఏ ఆకో తేల్చాలంటే తేదీలు మార్చి చూడాలి. సెంటినెల్ చిత్రాలు దొరికే కోపర్నికస్ బ్రౌజర్ వెబ్‌సైట్‌లో మే నెల చిత్రం ఒకటి, సెప్టెంబర్‌ది ఒకటి, డిసెంబర్‌ది ఒకటి తియ్యి. వానాకాలంలో మేఘాలు అడ్డొస్తే ఐదు రోజులకు అటూ ఇటూ వెతుకు. మూడింటిలోనూ ఒకేలా ఎర్రగా ఉంటే కంపచెట్లో, బాగా ముదిరిన తోటో అయ్యుండాలి. మేలో నేల రంగు, సెప్టెంబర్‌లో ఎరుపు, డిసెంబర్‌లో మళ్లీ నేల రంగు వస్తే అది ఖరీఫ్ వేరుశనగకు సరిపోయే క్రమం. మీ తోట మూడు చిత్రాల్లోనూ లేత గులాబీలోనే ఉంటే కంగారు పడక్కర్లేదు. కిందటేటి ఇదే నెలకంటే ఎన్‌డీవీఐ బాగా పడిపోతే మాత్రం తోటలోకి వెళ్లి చూడాలి. గడ్డి తీసేసినా ఆ సంఖ్య పడిపోతుంది, కాబట్టి అప్పుడు కూడా ముందు చూడాల్సింది నేలే.

ఇక్కడ కొత్తవాళ్లు ఎక్కువగా పడే గొయ్యి ఒకటుంది. క్యూజీఐఎస్ లాంటి సాఫ్ట్‌వేర్ ప్రతి చిత్రానికీ దానిలోని కనిష్ఠ, గరిష్ఠ విలువలను బట్టి రంగులను సాగదీస్తుంది. మేలో అంతా ఎండి ఉంటే, ఉన్న కాస్త పచ్చదనమే మెరిసే ఎరుపుగా వస్తుంది. అదే చెట్టు సెప్టెంబర్‌లో మామూలుగా కనిపిస్తుంది. కాబట్టి రెండు తేదీలను పోల్చేటప్పుడు రెండింటికీ ఒకే కనిష్ఠ, గరిష్ఠ విలువలు నువ్వే పెట్టు. లేదా రంగు వదిలేసి ఎన్‌డీవీఐ సంఖ్యలే పోల్చు.

ఇక చదువు. గేట్‌లో 2022 నుంచి జియోమాటిక్స్ ఇంజినీరింగ్ పేపర్ ఉంది. డెహ్రాడూన్‌లోని ఇస్రో రిమోట్ సెన్సింగ్ శిక్షణ సంస్థ ఐఐఆర్‌ఎస్ ఉచితంగా ఆన్‌లైన్ కోర్సులు కూడా నడుపుతుంది. ఫీజు కట్టే ముందు వాటిలో ఒకటి పూర్తి చేసి, ఈ పని నీకు నచ్చుతుందో లేదో చూసుకో. ఏ కోర్సులో చేరబోయినా నేలమీదికి తీసుకెళ్లి పని చేయిస్తారా అని అడుగు. స్క్రీన్ ముందే నేర్పే సర్టిఫికెట్‌కు డబ్బు పెట్టొద్దని నా సలహా.

ఈ నెలలోనే చేయగలిగింది ఒకటి చెబుతాను. మీ ఊరి చుట్టూ ఓ ముప్పై చోట్లు ఎంచుకో: చీనీ, వేరుశనగ, వరి, కంప, బీడు, చెరువు. నాన్నను వెంటబెట్టుకుని వెళ్లు. ఏ చేనులో ఎప్పుడు ఏం వేశారో ఆయనకు తెలిసినంత నీకు తెలియదు. ఫోన్‌లో అక్షాంశ రేఖాంశాలు, తేదీ, పంట, నేల ఎంత కనిపిస్తోంది అన్నది రాసుకో. గట్టు మీద కాకుండా చేనులో కనీసం 20 మీటర్లు లోపలికి వెళ్లి పాయింట్ తీసుకో, లేకపోతే పక్క చేను పిక్సెల్ తగులుతుంది. ఇంటికొచ్చాక, చిత్రం మాత్రమే చూసి నువ్వు ముందే ఊహించి పెట్టుకున్న వాటితో పోల్చి, ఎన్ని తప్పాయో, ఎందుకు తప్పాయో ఒక పేజీ రాయి. ఇంటర్వ్యూకు ఆ పేజీ పట్టుకెళ్లు.