బాయిలర్ ట్యూబులు మార్చిన ఖర్చు: మరమ్మతా, ఆస్తా?

ప్రశ్న: మాది పలాసలో జీడిపప్పు తయారుచేసే చిన్న ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ. 2017 ఏప్రిల్‌లో కొన్న బాయిలర్‌కు 2025 అక్టోబరు మొదట్లో ట్యూబులన్నీ మార్పించాం. 3,40,000 రూపాయలయింది. పిక్కలు నిల్వచేసే షెడ్డు పొడిగించడానికి 4,80,000, మోటార్ల రివైండింగ్‌కు 18,000 అయ్యాయి. మా అకౌంటెంట్ అన్నిటినీ మరమ్మతుల ఖాతాలో రాశాడు. ఆడిటర్ గారు ఒప్పుకోవడం లేదు, పైగా ఆస్తుల రిజిస్టరు తెమ్మంటున్నారు. చిన్న కంపెనీకి ఆ రిజిస్టరు తప్పనిసరా? ఎవరి మాట సరైనది?
– ఒక డైరెక్టర్, పలాస

జవాబు: రివైండింగ్ విషయంలో మీ అకౌంటెంట్‌ది సరైన మాట, షెడ్డు విషయంలో ఆడిటర్ గారిది. ట్యూబుల విషయంలో మాత్రం ఇద్దరిదీ సరైనదే. ఎలాగో చెబుతాను.

రివైండింగ్‌తో పెద్ద పేచీ లేదు. కాలిన తీగ తీసి కొత్త తీగ చుట్టారు, మోటారు మునుపటిలాగే తిరుగుతోంది. అది ఆ ఏడాది ఖర్చు.

ట్యూబుల దగ్గరే అసలు చిక్కు. కంపెనీ లెక్కలకు వర్తించే అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్ 10 ప్రకారం రోజువారీ నిర్వహణ ఖర్చు లాభనష్టాల ఖాతాకు పోతుంది. యంత్రంలో ఒక ముఖ్య భాగాన్ని పూర్తిగా మార్చి, ఆ కొత్త భాగం కొన్నేళ్లపాటు పనికొచ్చేదైతే దాన్ని ఆస్తిగా చూపాలి. కారిపోతున్న నాలుగైదు ట్యూబులు మార్చి ఉంటే ఖర్చు రాయమనే చెప్పేవాడిని. మీరు మొత్తం సెట్టు మార్చారు. మీకు సరఫరా చేసినవారు ఆరేళ్ల మన్నిక అని రాసిచ్చారనుకుందాం. అప్పుడు ఆ 3,40,000 ఆరేళ్లకు పంచాల్సిన ఆస్తి అవుతుంది.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. కొత్త ట్యూబులు పుస్తకాల్లోకి వస్తాయి గానీ పాతవి బయటికి పోవు. తుక్కుకు అమ్మేసిన ఇనుముకు ఏటా తరుగుదల రాస్తూ కూర్చుంటారు. పాత భాగంలో మిగిలిన విలువను తీసేయాలని కూడా ఏఎస్ 10 చెబుతుంది. బాయిలర్ బిల్లులో ట్యూబుల ధర విడిగా ఉండదు కదా అని మీరు అడగవచ్చు. అలాంటప్పుడు కొత్తవాటి ధరను ఆధారంగా తీసుకుని పాతవాటి ధరను అంచనా వేయవచ్చని అదే ప్రమాణం వెసులుబాటు ఇచ్చింది. ఈ ఎనిమిదేళ్లలో ధరలు పెరిగాయి కాబట్టి 2017 నాటి ధర 2,40,000 అని లెక్కకడదాం. కంపెనీల చట్టం రెండో షెడ్యూలులో ఇలాంటి సాధారణ యంత్రాల ఆయుష్షు 15 ఏళ్లు. చివర్లో మిగిలే విలువ మామూలుగా 5 శాతానికి మించకూడదు. సమాన వాయిదాల్లో రాస్తే ఏడాదికి 15,200 చొప్పున ఎనిమిదిన్నరేళ్లకు 1,29,200 తరుగుదల పోయింది. మిగిలింది 1,10,800. పాత ట్యూబులను తుక్కుకు 22,000కు అమ్మి ఉంటే, 88,800 ఈ ఏడాది నష్టంగా రాయాలి. అంటే మీ అకౌంటెంట్ కోరుకున్న ఖర్చులో కొంత ఈ దారినైనా ఈ ఏడాదే వస్తుంది. కొత్త ట్యూబుల ఆయుష్షు బాయిలర్ ఆయుష్షును మాత్రం దాటకూడదు. మీ బాయిలర్‌కు ఇంకా ఆరున్నరేళ్లు ఉన్నాయి కాబట్టి ఆరేళ్లు సరిపోతాయి.

ఆదాయపు పన్ను దగ్గరికి వస్తే కథ మారుతుంది. 2025-26 ఖర్చు కాబట్టి 1961 చట్టమే వర్తిస్తుంది. దాని 31వ సెక్షన్ యంత్రాల ‘కరెంట్ రిపేర్ల’ ఖర్చును పూర్తిగా అనుమతిస్తుంది. 2007లో శరవణ స్పిన్నింగ్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు దీనికి గీటురాయి చెప్పింది: ఉన్న ఆస్తిని కాపాడుకోవడానికి చేసిన ఖర్చా, కొత్త ఆస్తినో కొత్త ప్రయోజనాన్నో తెచ్చిన ఖర్చా? ఆ మిల్లులో రింగ్ ఫ్రేమ్ దానికదే ఒక యంత్రం కాబట్టి, దాన్ని మార్చడం మిల్లుకు మరమ్మతు కాదన్నారు. మీ దగ్గర యంత్రం బాయిలర్, ట్యూబులు దాని లోపలి భాగం. ఆవిరి సామర్థ్యం పెరగకపోతే ఇది కరెంట్ రిపేరే అని గట్టిగా వాదించవచ్చు. పుస్తకాల్లో ఆస్తిగా రాసినంత మాత్రాన ఆ హక్కు పోదు. ఖాతాలో రాసిన తీరు పన్నును తేల్చదని 1971లోనే కేదార్‌నాథ్ జూట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పన్ను లెక్కలో ఈ 3,40,000ను విడిగా తగ్గించి చూపండి. పుస్తకాల్లో ట్యూబులపై రాసిన తరుగుదలను, ఆ 88,800 నష్టాన్ని అక్కడ తిరిగి కలపండి. లేకపోతే ఒకే ఖర్చును రెండుసార్లు వాడుకున్నట్టవుతుంది.

సాక్ష్యం కావాలి కదా. బాయిలర్ ఇన్‌స్పెక్టర్ ఇచ్చిన మరమ్మతు అనుమతి, మరమ్మతుకు ముందూ తర్వాతా ఉన్న ధ్రువపత్రాలు భద్రపరచండి. రెండింటిలోనూ సామర్థ్యం ఒకటే కనిపిస్తే పన్ను అధికారి ముందు అంతకంటే మంచి కాగితం ఉండదు. ‘పనిలో పనిగా’ పెద్ద బర్నరో, అదనపు హీటరో పెట్టించి అదే బిల్లులో కలిపించుకుంటే మాత్రం వాదన పలచబడుతుంది. ఆ అదనపు భాగానికి వేరే బిల్లు తీసుకోండి.

షెడ్డు సంగతి సూటిగానే చెబుతాను. లేని జాగా కొత్తగా వచ్చింది, కాబట్టి అది ఆస్తి. అందులో జీఎస్టీ మెలిక ఒకటుంది. భవన నిర్మాణ పనుల మీద కట్టిన పన్నుకు, ఆ ఖర్చును ఆస్తిగా చూపినంత మేరకు, ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. 4,80,000 మీద 18 శాతం, అంటే 86,400 మీ కాంట్రాక్టర్ విడిగా వసూలు చేసి ఉంటే, అదీ షెడ్డు ధరలోనే చేరి మొత్తం 5,66,400 అవుతుంది. ఈ క్రెడిట్ కోసమే కొందరు పొడిగింపును మరమ్మతుగా రాసుకుంటారు. కొలతలు, ఫోటోలు, పంచాయతీ లేదా మున్సిపల్ అనుమతి చూడగానే అది బయటపడుతుంది. క్రెడిట్‌తో పాటు వడ్డీ కూడా తిరిగి కట్టాల్సివస్తుంది. పగిలిన రేకులు నాలుగు మార్చిన బిల్లయితే వేరు: అది నిజమైన మరమ్మతు, దాని మీద క్రెడిట్‌కు ఈ అడ్డంకి లేదు.

ఇక రిజిస్టరు. ఆ పేరుతో కంపెనీల చట్టంలో సెక్షన్ లేదు. ఆస్తుల రికార్డుల గురించి ఆడిటరు ప్రత్యేకంగా రాయాల్సిన నివేదిక నుంచి చిన్న కంపెనీలకు మినహాయింపు ఉంది. మీ అకౌంటెంట్ బహుశా అదే విని ఉంటాడు. కానీ ఆస్తుల లెక్కతో సహా సరైన పుస్తకాలు ఉంచాలన్న 128వ సెక్షన్ మీకూ వర్తిస్తుంది. పైగా కంపెనీ ఆస్తుల రక్షణకు తగిన రికార్డులు ఉంచామని 134వ సెక్షన్ కింద బోర్డు నివేదికలో మీరే ప్రకటించి సంతకం చేస్తారు. లేని రిజిస్టరు మీద ఆ సంతకం ఎలా పెడతారు?

రిజిస్టరు అనగానే భూముల పట్టిక అనుకుంటారు కొందరు. కాదు, యంత్రాలూ కంప్యూటర్లూ అన్నీ ఇందులోకే వస్తాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత ఒక కక్షిదారు నా దగ్గరికి వచ్చాడు. ఎగిరిపోయిన షెడ్డులో ఏ యంత్రం ఎప్పుడు కొన్నదో చూపలేక బీమా సర్వేయరు ముందు నానా తిప్పలు పడ్డాడు.

మీకు ఒక ఎక్సెల్ షీటు చాలు. ప్రతి ఆస్తికీ ఒక నంబరు, ఉన్న చోటు, వాడకంలోకి వచ్చిన తేదీ, బిల్లు నంబరు, క్రెడిట్ తీసుకున్న జీఎస్టీ మినహాయించిన ధర, ఆయుష్షు, తీసేసిన తేదీ రాయండి. బాయిలర్‌కు 1 అని పెడితే పాత ట్యూబులకు 1/1, కొత్తవాటికి 1/2 అని ఉపనంబర్లు ఇవ్వండి. 1/1 ఎదురుగా తీసేసిన తేదీ, తుక్కు బిల్లు నంబరు పడాలి. నంబరును యంత్రం మీద రంగుతో రాయించండి. ఖాతాలు బోర్డు ముందుకు వెళ్లేలోపు మరమ్మతుల ఖాతా నుంచి ట్యూబుల, షెడ్డు మొత్తాలను ఆస్తుల ఖాతాకు మార్చే జర్నల్ ఎంట్రీ వేయించండి. ఇన్‌స్పెక్టర్ కాగితాల నకళ్లు, సరఫరాదారు రాసిచ్చిన ఆయుష్షు ధ్రువీకరణ ఆ వోచరుకే జతచేయించండి.