విరాళాల కోసం లేఖ రాయమన్నారు: ముందు లెక్క, ఆ తరువాతే లేఖ

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఎం.ఎస్.డబ్ల్యూ. చివరి సంవత్సరం చదువుతున్నాను. దేవరకొండ వైపు తండాలలో లంబాడీ మహిళల చేత అద్దాల కుట్టు పని చేయించి, కుషన్ కవర్లు, సంచులు అమ్మే ఒక సోషల్ ఎంటర్‌ప్రైజ్‌లో నిధుల సేకరణ ఉద్యోగానికి దరఖాస్తు చేశాను. కొత్తగా ఇరవై మందికి శిక్షణ ఇవ్వడానికి విరాళాలు కోరుతూ రెండు పేజీల లేఖ రాసి పది రోజుల్లో ఇమ్మన్నారు. నా చిత్తు ప్రతి చదివి మా అన్నయ్య, "బాగుంది కానీ, దీనికి ఎవరూ డబ్బు పంపరు" అన్నాడు. లోపం ఎక్కడుందో చెప్పగలరా? చిత్తు ప్రతి జత చేశాను.

జవాబు: మీ అన్నయ్య సరిగానే పట్టుకున్నారు. మీ భాషలో లోపం లేదు. అయితే మొదటి పేజీ అంతా బంజారాల వలస చరిత్ర, గవ్వల అందం, తండాల పేదరికం వివరించడంతోనే గడిచిపోయింది. రెండో పేజీ చివరి వాక్యంలో మాత్రమే "మీకు తోచినంత సాయం చేయగలరు" అని అడిగారు. ఈ లేఖ చేరబోయే మనిషిని ఒక్కసారి తలచుకోండి. ఆమె మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తుంటారు, శిల్పారామంలో ఇలాంటి కుషన్ కవరు ఒకటి బేరమాడి కొనే ఉంటారు. ఆమెకు మొట్టమొదట కలిగే సందేహం ఒక్కటే: "వీళ్లు వస్తువులు అమ్ముకుంటున్నారు కదా, మళ్లీ విరాళం ఎందుకు?" మీ రెండు పేజీలలో ఎక్కడా దీనికి జవాబు లేదు. జవాబు దొరకని పాఠకులు సాధారణంగా కోపగించుకోరు; లేఖను పక్కన పెట్టి మరచిపోతారు.

ఆ జవాబు కలంతో రాదు, సంస్థ లెక్కల పుస్తకంలోంచి రావాలి. ఉదాహరణకు ఒక కుషన్ కవరును తీసుకుందాం. ఇవి నేను వేసిన అంచనా అంకెలు, మీరు సంస్థను అడిగి అసలు అంకెలు వేసుకోండి. గుడ్డ, అద్దాలు, దారం కలిపి 130 రూపాయలు, కుట్టినందుకు మహిళకు 300, ఉతకడం, అంచులు వేయడం, రవాణా కలిపి 70, మొత్తం 500 రూపాయలు అనుకుందాం. దుకాణం వారు దానిని 600కు తీసుకుంటే మిగిలిన 100 రూపాయలతో గది అద్దె, పర్యవేక్షకురాలి జీతం గడుస్తాయి. అంటే పని వచ్చిన మహిళ విషయంలో ఈ సంస్థకు విరాళం అవసరం లేదు. ఒకవేళ రోజువారీ కూలికి కూడా విరాళమే దిక్కయితే, ధర తప్పుగా పెట్టారనో, కొనేవారికి నచ్చని వస్తువు తయారు చేస్తున్నారనో అర్థం; ఆ లోపాన్ని ఎంత చక్కటి లేఖయినా కప్పలేదు. అలాంటి పరిస్థితి కనిపిస్తే లేఖ రాసే ముందే ఆ మాట వారితో అనండి. ఉద్యోగం మీద దాని ప్రభావం ఎలా ఉన్నా, మీకు సంస్థ స్వభావం తెలుస్తుంది.

కొత్తగా నేర్చుకునే మహిళ సంగతి వేరు. మొదటి వారాలలో గొలుసు కుట్టు వంకర పోతుంది, అద్దం చుట్టూ దారం బిగువు చాలక ఒక్క ఉతుకుకే అద్దం ఊడిపోతుంది, ఒక కవరుకు పట్టవలసిన సమయానికి రెండు మూడింతలు పడుతుంది. ఆ కవర్లను దుకాణం తిప్పి పంపుతుంది, వాటి ఖర్చును మంచి కవర్ల ధరలో కలిపితే కొనేవారు ఉండరు. మరోవైపు, ఆ పది వారాలూ ఆమె పొలం కూలి వదులుకుని రావాలి. ధరలో ఇమడని ఈ ఖర్చు కోసమే మీరు విరాళం అడుగుతున్నారు. లేఖకు ఈ విషయమే వెన్నెముక కావాలి. బంజారాల చరిత్రకు రెండు వాక్యాలు చాలు.

ఇప్పుడు మొత్తం ఎంతో తేల్చాలి. వారానికి ఆరు రోజుల చొప్పున పది వారాలు, అంటే 60 రోజులు. రోజుకు 200 రూపాయల భృతి చొప్పున ఇరవై మందికి 2,40,000. సాధన కోసం గుడ్డ, దారం, అద్దాలు మనిషికి 1,200 చొప్పున 24,000. నేర్పే ఇద్దరు పెద్ద కుట్టుగత్తెలకు శిక్షణ కాలమంతటికీ కలిపి 72,000. వీటి మొత్తం 3,36,000. దీని మీద పద్దులు, ప్రయాణాలు, పర్యవేక్షణ కోసం పదో వంతు, అంటే 33,600 చేర్చితే 3,69,600 అవుతుంది. ఈ పదో వంతును దాచిపెట్టాలని చాలామందికి అనిపిస్తుంది. దాచవద్దు, లేఖలోనే చెప్పండి, తరువాత అడిగించుకుని చెప్పడం కన్నా అది ఎంతో గౌరవం. ఇరవై మందికి పంచితే ఒక్కొక్కరికి 18,480, వారానికి 1,848, రోజుకు 308. దాత చేతికి అందే అంకెలు ఈ మూడే. "తోచినంత" అనే మాట స్థానంలో వీటిని పెట్టండి.

ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను రాసిన మొదటి విజ్ఞప్తిలో ఎక్కడా రూపాయల అంకె లేదు, అడగడం మర్యాద కాదనుకున్నాను. నెల తిరిగేసరికి మా కార్యాలయంలో రెండు బస్తాల పాత చీరలు పోగయ్యాయి. పంపినవారి తప్పు ఏమీ లేదు, ఏం కావాలో నేను చెప్పలేదు.

శిక్షణ ఎప్పుడు పెడుతున్నారో కూడా లేఖలో ఉండాలి. వానాకాలంలో నాట్లు, కలుపు పనులు ఉంటాయి; దసరా దాటాక పత్తి ఏరడం మొదలై సంక్రాంతి వరకు సాగుతుంది; ఎండాకాలంలో ఉపాధి హామీ పనులు నడుస్తాయి. పత్తి ఏరే రోజుల్లో శిక్షణ పెట్టి, ఇరవై మందిలో పన్నెండు మందే వచ్చారని దాతలకు సంజాయిషీ రాసుకోవలసి రావడం నేను చూశాను. జనవరి చివరి వారంలో మొదలుపెడితే ఏప్రిల్ మొదటి వారానికి పూర్తవుతుంది. 200 రూపాయల భృతి ఎందుకో కూడా అప్పుడు తేలికగా చెప్పవచ్చు: ఆ రోజు కూలికి వెళ్లి ఉంటే ఇంటికి వచ్చే డబ్బులో కొంత భాగం అది.

లేఖ మొదలు ఇలా ఉండవచ్చు. ఇది నమూనా మాత్రమే, మాటలు మీవి కావాలి:

"దేవరకొండ దగ్గరి మా తండాలలో ముప్పై మంది మహిళలు తాము కుట్టిన కవర్ల అమ్మకం మీదే తమ కూలి సంపాదించుకుంటున్నారు, అందుకు మేము ఎవరి దగ్గరా విరాళం తీసుకోవడం లేదు. మరో ఇరవై మంది ఈ పని నేర్చుకుంటామని ముందుకు వచ్చారు. నేర్చుకునే పది వారాలలో వారు కుట్టినవి అమ్మకానికి పనికిరావు, ఆ రోజుల పొలం కూలి కూడా వారికి పోతుంది. ఒక మహిళకు ఆ పది వారాల ఖర్చు 18,480 రూపాయలు, ఒక వారానికి 1,848. మీరు ఒక మహిళ శిక్షణను గాని, అందులో ఒక వారాన్ని గాని భరించగలరా? జూలైలో, వారిలో ఎంతమంది పనిలో నిలిచారో, నెలకు ఎంత సంపాదిస్తున్నారో మీకు రాసి పంపుతాము."

చివరి వాక్యాన్ని సంస్థ అనుమతి లేకుండా రాయకండి. మాట ఇస్తే నిలబెట్టుకోవాలి, ఇరవై మందిలో ఆరుగురు మధ్యలో మానేసినా ఆ సంగతి అలాగే రాయాలి.

తరువాతి విషయం రసీదు. మన దేశంలో ఇలాంటి సంస్థలు చాలావరకు రెండు కాళ్ల మీద నడుస్తాయి: అమ్మకాలకు ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ, శిక్షణకు ఒక ట్రస్టు లేదా లాభాపేక్ష లేని సెక్షన్ 8 కంపెనీ. దాతకు పన్ను మినహాయింపు తెచ్చే 80జీ రసీదును ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఇవ్వజాలదు. కాబట్టి లేఖలో రాసే బ్యాంకు ఖాతా ఎవరిదో, 80జీ గుర్తింపు ఎవరి పేరున ఉందో, గడువు ఎప్పటి వరకో ముందుగా అడగండి. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలుకు వచ్చి సెక్షన్ల సంఖ్యలు మారినందున, ఆ వాక్యాన్ని వారి ఆడిటరుకు ఒకసారి చూపించడం మంచిది. మీ చిత్తు ప్రతిలో "మీరిచ్చిన దానిలో సగం పన్ను రూపంలో తిరిగి వస్తుంది" అని ఉంది, అది పొరపాటు. సాధారణంగా విరాళంలో సగం ఆదాయంలోంచి తగ్గుతుంది, పన్నులోంచి కాదు. 18,480 ఇచ్చినవారికి 9,240 ఆదాయం తగ్గి, 30 శాతం శ్లాబులో ఉంటే సెస్సు కాకుండా 2,772 రూపాయల పన్ను మిగులుతుంది. అది కూడా పాత పన్ను విధానంలో ఉన్నవారికే. కొత్త విధానం ఎంచుకున్నవారికి ఈ మినహాయింపు లేదు. రెండు వేలకు మించి నగదుగా ఇచ్చిన దానికి కూడా వర్తించదు. అందువల్ల పన్ను సంగతిని చివర ఒక్క వాక్యంతో సరిపెట్టండి.

హైదరాబాద్‌లో విరాళాలనగానే అందరికీ అమెరికాలో ఉన్న బంధువులు గుర్తొస్తారు. ఇక్కడ జాగ్రత్త అవసరం. భారతీయ పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అదే వ్యక్తి అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఆ డబ్బు విదేశీ విరాళమే అవుతుంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అంటే ఎఫ్‌సీఆర్‌ఏ కింద నమోదు ఉన్న సంస్థ, ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో అందుకోసమే తెరిచిన ఖాతాలో మాత్రమే దానిని తీసుకోవాలి. సంస్థకు ఆ నమోదు లేకపోతే లేఖను పౌరసత్వం తెలియకుండా విదేశీ వాట్సాప్ గ్రూపులకు పంపకూడదని మీ లేఖతో పాటు ఒక చిన్న గమనిక జత చేయండి. పరీక్ష పెట్టినవారు దానిని తప్పక గమనిస్తారు. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ నిధులను ఇందులో కలపకండి. వాటికి లేఖ సరిపోదు, బడ్జెట్‌తో కూడిన ప్రతిపాదన కావాలి.

మీరు రాసిన మహిళ కథ గురించి ఒక్క మాట. "తాగుబోతు భర్త, ఆకలితో పిల్లలు" అన్న వాక్యాలు ఆమెకు తెలిసి రాసినవేనా? ఫొటోకు, కథకు ఆమె అనుమతి తీసుకోవాలి. సంతకం పెట్టించుకోవడం చాలదు, తండాలో ఎవరి చేతనైనా లేఖను వారి సొంత భాష గోర్ బోలీలో చదివి వినిపించాలి. అప్పుడు ఆమె తీసేయమన్నది తీసేయండి. మనం రాసిన దుఃఖం తీసేయమని, తను మొదటి కూలి డబ్బుతో కొన్న మేక సంగతి రాయమని చెప్పిన మహిళ నాకు తెలుసు. ఆ మేక ఉన్న లేఖకే ఎక్కువ జవాబులు వచ్చాయి.

ఉద్యోగం విషయానికి వస్తే, ఎంపికైతే జీతం ఎలా ఇస్తారో స్పష్టంగా అడగండి. వసూలైన విరాళాలలో శాతం ఇస్తామంటే ఒప్పుకోకండి. దాత ఇచ్చిన డబ్బులో సేకరించిన మనిషికి వాటా ఉండడాన్ని ఈ వృత్తి నియమావళి అంగీకరించదు, పైగా మొదటి ఏడాది మీ చేతికి వచ్చేది కూడా అతి తక్కువ. స్థిర జీతం తక్కువైనా పరవాలేదు.

పది రోజులలో మొదటి రెండు రోజులు రాయకుండా, సంస్థకు ఫోన్ చేసి నాలుగు సంగతులు కనుక్కోండి: ఒక కవరు ఖర్చు వివరం, విరాళం తీసుకునే ఖాతా ఎవరిది, ఎఫ్‌సీఆర్‌ఏ ఉందా, గత బ్యాచ్‌లో నేర్చుకున్నవారిలో ఇప్పటికీ కుడుతున్నవారెంతమంది. నాలుగో ప్రశ్నకు వచ్చే అంకెను లేఖ మొదటి పేరాలోకి తీసుకురండి. రాసిన తరువాత మళ్లీ మీ అన్నయ్యకు చూపించి, ఎంత పంపాలో, ఎందుకో కాగితం పక్కన పెట్టి చెప్పమని అడగండి. చెప్పలేకపోతే, ఆ అంకెను ఇంకా పైకి తీసుకురావాలి.