ఫ్యాన్ లేని నిలువు హీట్ సింక్‌లో ఫిన్ల మధ్య సందు ఎంత ఉండాలి?

ప్రశ్న: "150 మి.మీ. ఎత్తున్న అల్యూమినియం హీట్ సింక్‌ను గోడకు నిలువుగా బిగిస్తున్నాను. ఫ్యాన్ ఉండదు. బయటి గాలి కంటే 40 డిగ్రీలకు మించి వేడెక్కకూడదు. ఫిన్లను ఎంత దగ్గరగా పెట్టవచ్చు? ఎన్ని ఎక్కువ పెడితే అంత మంచిదే కదా?"

జవాబు:

సుమారు 8 మిల్లీమీటర్లు. తేల్చుకోలేకపోతే 9కో 10కో వెళ్లండి గాని, 6కు మాత్రం దిగకండి. "ఎన్ని ఎక్కువైతే అంత మంచిది" అనే లెక్క ఫ్యాన్ ఉన్నచోట చాలావరకు చెల్లుతుంది, ఫ్యాన్ లేనిచోట బోల్తా కొడుతుంది. నేను ఆ తప్పు చేసి, చేతులు కాల్చుకుని నేర్చుకున్నవాణ్ణే కాబట్టి ముందు ఆ సంగతి చెప్పి, తరువాత లెక్క చూపిస్తాను.

కొన్నేళ్ల క్రితం నేను సోలార్ చార్జ్ కంట్రోలర్లు తయారుచేసే ఒక చిన్న యూనిట్‌లో పనిచేసేవాణ్ణి. మా పెట్టెల వెనుక 200 మి.మీ. వెడల్పు, 150 మి.మీ. ఎత్తు ఉన్న హీట్ సింక్ ఉండేది. దానికి 2 మి.మీ. మందం, 40 మి.మీ. పొడవు ఉన్న ఫిన్లు 34 ఉండేవి, వాటి మధ్య సందు 4 మి.మీ. ఫ్యాన్‌తో వాడడానికి ఎంచుకున్న ఎక్స్‌ట్రూజన్ అది. పొలాల్లో దుమ్ము పట్టి ఫ్యాన్లు ఒకటొకటిగా ఆగిపోతుంటే, అసలు ఫ్యానే తీసేద్దామని నిర్ణయించాం. ఇంత ఉపరితలం ఉంది, సరిపోతుందిలే అనుకున్నాం. మే నెలలో, షెడ్డులో 38 డిగ్రీలు ఉన్న మధ్యాహ్నం, సింక్ మీద రెండు రెసిస్టర్లు బిగించి వాటికి సరిగ్గా 35 వాట్లు ఇచ్చి వదిలేశాను. రెండు గంటల తరువాత థర్మోకపుల్ 90 డిగ్రీలు చూపించింది, అంటే గాలి కంటే 52 డిగ్రీలు ఎక్కువ. (రెండు గంటలు ఎందుకంటే, కిలోన్నర అల్యూమినియం పూర్తిగా వేడెక్కి ఒక స్థాయిలో నిలబడడానికి అంత సమయం పడుతుంది. ఇరవై నిమిషాలకే రీడింగ్ తీసుకుని "బాగానే ఉంది" అన్నవాళ్లను చాలామందిని చూశాను.)

అప్పుడు ఒక అగరుబత్తి వెలిగించి సింక్ కింద పట్టాను. పొగ సందుల్లోంచి పైకి పోతుందనుకుంటే, కింది అంచు దాకా వచ్చి, పక్కకు ఒరిగి, ఫిన్ల కొసల ముందు నుంచి పైకి పోయింది. లోపలికి వెళ్లిన కాస్త పొగ కూడా నత్తనడక నడిచింది. సన్నని థర్మోకపుల్ తీగను పైఅంచు దగ్గర సందు మధ్యలో వేలాడదీస్తే, బయటికి వచ్చే గాలి 86 డిగ్రీలు ఉంది. ఫిన్ 90, గాలి 86. అంటే ఆ గాలి పైఅంచుకు చేరకముందే దాదాపు ఫిన్ అంత వేడెక్కిపోయింది, సింక్ పైభాగం నుంచి ఇక తీసుకోగలిగింది ఏమీ లేదు.

కారణం ఇది. వేడెక్కిన ఫిన్‌కు ఆనుకుని ఒక పలుచని వెచ్చని గాలి పొర పైకి పాకుతూ, పోనుపోను మందమవుతుంది. ఎదురుగా ఉన్న ఫిన్ మీద కూడా అలాంటి పొరే ఉంటుంది. రెండు పొరలు మరీ కిందనే కలిసిపోతే సందు అంతా ఇరువైపులా గోడల ఒరిపిడి తిన్న గాలితో నిండిపోతుంది, దాన్ని పైకి తోయడానికి ఉన్నదల్లా వేడి గాలి తేలిక కావడం వల్ల పుట్టే బలహీనమైన ఊపు మాత్రమే. సందును సగం చేస్తే సందులోకి వచ్చే గాలి సగం కాదు, దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. సందును మరీ వెడల్పు చేస్తే దీనికి వ్యతిరేకమైన నష్టం వస్తుంది: పొరలు కలవనే కలవవు, మధ్యలో చల్లని గాలి పని లేకుండా దాటిపోతుంది, ఫిన్ల సంఖ్యా తగ్గిపోతుంది. పొరలు పైఅంచుకు కాస్త ముందు కలుసుకోవడం మొదలయ్యే సందే మనకు కావలసినది. పొర మందం ఎత్తును బట్టి పెరుగుతుంది కనుకనే జవాబు ఎత్తు మీద ఆధారపడుతుంది.

ఇలాంటి సమాంతర పలకల మధ్య వేడి ఎలా పోతుందో ఎలెన్‌బాస్ 1942లోనే కొలిచి చూపించాడు. ఆ పునాది మీద బార్-కోహెన్, రోసెనో 1984లో ఇచ్చిన సూత్రమే ఈ రోజుకీ అందరూ వాడేది:

```
S = 2.714 · L / Ra^(1/4)
Ra = g · β · ΔT · L³ / (ν · α)
```

ఇక్కడ S సందు, L ఎత్తు, ΔT ఫిన్‌కూ గాలికీ మధ్య తేడా, g గురుత్వ త్వరణం, β గాలి వ్యాకోచ గుణకం, Ra అనేది రేలీ సంఖ్య. మీ సంఖ్యలతో చేద్దాం. గాలి 45 డిగ్రీలు, ఫిన్ 85 డిగ్రీలు అనుకుంటే సగటు 65 డిగ్రీలు, అంటే 338 కెల్విన్. ఆ సగటు దగ్గర β 1/338, గాలి స్నిగ్ధత ν 1.95×10⁻⁵, ఉష్ణ వ్యాప్తి α 2.71×10⁻⁵ చ.మీ./సె. ఎత్తు 0.15 మీటర్లు. వీటితో Ra సుమారు 74 లక్షలు వస్తుంది, దాని నాలుగో మూలం 52. కాబట్టి S 7.8 మి.మీ.

ప్రతిసారీ ఇంత లెక్క ఎందుకని నేను దీన్ని కుదించి గోడ మీద రాసిపెట్టుకున్నాను. ఎత్తును మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని డిగ్రీల తేడాతో భాగించి, వచ్చినదాని నాలుగో మూలాన్ని 5.6తో గుణిస్తే సందు మిల్లీమీటర్లలో వస్తుంది. మీకైతే 150ని 40తో భాగిస్తే 3.75, దాని నాలుగో మూలం 1.39, సందు 7.8. ఆ 5.6 అనేది సగటు 65 డిగ్రీల దగ్గర గాలికి చెల్లుతుంది, సగటు 50 అయితే 5.3 వేసుకోండి. నాలుగో మూలం కావడం వల్ల ఎత్తు రెట్టింపైనా సందు పెరిగేది 19 శాతమే: 300 మి.మీ. సింక్‌కు 9.3 మి.మీ. చాలు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను, ఎందుకంటే 7.8 అన్న అంకె కంటే దానికి అటూ ఇటూ ఏం జరుగుతుందన్నదే ఎక్కువ పనికొస్తుంది. మా సింక్ కొలతలతోనే, 40 డిగ్రీల తేడా దగ్గర, సందుల్లోంచి గాలి మోసుకుపోయే వేడిని మాత్రమే లెక్కగట్టాను. సందు 7.8 ఉంటే 20 సందులు పడతాయి, సుమారు 46 వాట్లు పోతాయి. సందును 10కి పెంచితే 16 సందులే పడతాయి, అయినా 43 వాట్లు పోతాయి. 12 చేసినా 39 వాట్లు. ఇటువైపు రండి: 6 చేస్తే ఉపరితలం పెరిగినా 36 వాట్లకు పడిపోతుంది, మా పాత 4 మి.మీ. సందుతో, 33 సందులతో, కేవలం 17 వాట్లు. అంటే కొండకు ఒకవైపు మెల్లని వాలు, మరోవైపు లోయ. అందుకే మొదట్లో వెడల్పు వైపు తప్పినా ఫరవాలేదన్నాను. పై సూత్రం ఫిన్ మందాన్ని పట్టించుకోదు. మందం కలిపి చూస్తే శిఖరం 8 దాటి కొంచెం ముందుకు జరుగుతుంది, అదీ వెడల్పు వైపే.

లెక్క చూశాక నేను చేసిన పని కొంత మొరటుది. మిల్లింగ్ మీద పెట్టించి ఒకటి విడిచి ఒకటి ఫిన్లను కోయించాను. నాలుగూ రెండూ నాలుగూ కలిసి సందు 10 అయింది. 34 ఫిన్లలో 17 మిగిలాయి, సింక్ అర కిలో తేలికైంది. సగం ఫిన్లు తీసేసి చల్లబడుతుందంటావా అని మా మిల్లింగ్ ఆపరేటర్ నవ్వాడు. అదే 35 వాట్లు, అదే 38 డిగ్రీల షెడ్డు: ఈసారి సింక్ 71 దగ్గర నిలిచింది. తేడా 52 నుంచి 33కు దిగింది. పైఅంచు దగ్గర సందు మధ్యలో గాలి 48 డిగ్రీలే ఉంది, అగరుబత్తి పొగ నేరుగా సందుల్లోకి దూరి పైకి పోయింది. మధ్య గాలి ఫిన్ కంటే అంత చల్లగా ఉందంటే సందు కాస్త ఎక్కువైందనే అర్థం, 8 చేయగలిగితే ఇంకా బాగుండేది. కోసే పనిలో ఆ వీలు లేదు.

ఈ లెక్క నిలవాలంటే కొన్ని షరతులు ఉన్నాయి. ఎత్తు అంటే గాలి పైకి ప్రయాణించే దూరం, బేస్ నుంచి ఫిన్ బయటికి పొడుచుకొచ్చిన పొడవు కాదు. ఇక్కడ తికమకపడి 40 మి.మీ.తో లెక్క వేస్తే సందు 5.6 వస్తుంది, నేను వద్దన్న వైపు పడిపోతారు. సింక్ కిందా పైనా గాలికి దారి ఉండాలి. నేనైతే రెండువైపులా కనీసం 50 మి.మీ. ఖాళీ వదులుతాను. కేబుల్ పెట్టడానికి అనువుగా ఉందని ఎవరైనా పెట్టెను అడ్డంగా తిప్పి బిగిస్తే ఫిన్లు నేలకు సమాంతరంగా పడుకుంటాయి, అప్పుడు పై లెక్కంతా వృథా. మా పెట్టె ఒకటి అలా బిగించి ఉండగా చూశాక, మూత మీద పైకి చూపే బాణం గుర్తు అచ్చు వేయించాను.

నల్లని అనోడైజింగ్ చేయిస్తే వికిరణం రూపంలో, ఈ సైజుకూ 40 డిగ్రీల తేడాకూ, మరో 15 వాట్ల దాకా అదనంగా పోతాయి. ఫిన్లు ఒకదాన్నొకటి చూసుకుంటూ ఉంటాయి కాబట్టి ఆ వేడి బయటి ఆకారం నుంచే పోతుంది, ఫిన్లు పెంచినంత మాత్రాన పెరగదు. మా సింక్ పూత లేని తెల్ల అల్యూమినియం, అందుకే దానికి ఈ లాభం దాదాపు లేదు. ఫిన్ మందం గురించి బెంగ పెట్టుకోకండి. ఇంత నెమ్మది గాలిలో 40 మి.మీ. పొడవున్న 2 మి.మీ. అల్యూమినియం ఫిన్ మొదలూ కొసా దాదాపు ఒకే వేడిలో ఉంటాయి, దొరికితే 1.5 మి.మీ. కూడా సరిపోతుంది.

ఎక్స్‌ట్రూజన్ కొనేటప్పుడు ఒక్కటి చూసుకోండి. కేటలాగుల్లో తరచుగా ఇచ్చేది పిచ్, అంటే ఒక ఫిన్ మధ్య నుంచి పక్క ఫిన్ మధ్యకు దూరం. అందులోంచి ఫిన్ మందం తీసివేస్తేనే సందు వస్తుంది. 2 మి.మీ. ఫిన్లకు మీరు అడగవలసింది 10 మి.మీ. పిచ్. 8 మి.మీ. పిచ్ అని ఆర్డర్ ఇస్తే మీ చేతికి వచ్చేది 6 మి.మీ. సందు.