మినిట్స్‌లో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?

ప్రశ్న: సర్, సీఎస్ ట్రైనీగా జీడిమెట్లలోని ఒక ప్రైవేట్ కంపెనీలో చేరి రెండు నెలలైంది. బోర్డు మీటింగ్‌లో విన్నదంతా రాసిస్తే మా సీనియర్ సగం కొట్టేశారు. అలా తీసేస్తే ఆడిటర్ దగ్గర దాచినట్టు కాదా?
– ఓ విద్యార్థిని, కూకట్‌పల్లి

జవాబు: కాదమ్మా. పరువుకు భంగం కలిగించేవి, అప్రస్తుతమైనవి, కంపెనీ ప్రయోజనాలను దెబ్బతీసేవి వదిలేయడానికి కంపెనీల చట్టం 2013, సెక్షన్ 118 ఒప్పుకుంటుంది. కాకపోతే ఆ విచక్షణ ఛైర్మన్‌ది. మీరు డ్రాఫ్టులో సూచించగలరంతే.

ఒక ఉదాహరణ చూడండి. ప్యాకింగ్ మెషీన్‌కు రూ.42 లక్షలు, రూ.46 లక్షల కొటేషన్లు వచ్చాయనుకోండి. ట్రైనీలు సాధారణంగా ఇలా రాస్తారు: “కొనుగోలు విభాగం నిద్రపోతోందా అని ఒక డైరెక్టర్ కోపంగా నిలదీశారు. చివరికి ఖరీదైనదానికే అందరూ సరే అన్నారు.”

ఇందులో ‘కోపంగా’, ‘నిలదీశారు’ రాసినవాళ్ల అభిప్రాయాలు. ‘నిద్రపోతోందా’ అన్నది సిబ్బంది పరువుకు సంబంధించిన మాట. ఈ మూడూ పోవాలి. అయితే ఆ కోపం వెనకున్న ప్రశ్న పోకూడదు. రూ.4 లక్షలు ఎక్కువ పెట్టి ఎందుకు కొన్నారని ఆడిటర్ అడిగేది కూడా అదే. పై డ్రాఫ్టులో దానికి జవాబే లేదు. అందుకని ఇలా రాయండి: “రెండు కొటేషన్లను బోర్డు ముందుంచారు. ధరలో తేడాకు కారణం ఒక డైరెక్టర్ అడిగారు. రెండో ధరలో మూడేళ్ల సర్వీసు కలిసి ఉందని సీఎఫ్ఓ వివరించారు. చర్చ తర్వాత రూ.46 లక్షల కొటేషన్‌ను బోర్డు ఆమోదించి, ఆర్డరిచ్చే అధికారం మేనేజింగ్ డైరెక్టర్‌కు అప్పగించింది.”

ఎంత ఇబ్బందిగా ఉన్నా తీసేయకూడనివి రెండున్నాయి. ఎవరైనా నిర్ణయాన్ని వ్యతిరేకిస్తే పేరుతో సహా రాయాలి. సరఫరాదారు సంస్థలో ఒక డైరెక్టర్‌కు వాటా ఉంటే, ఆయన ఆ సంగతి వెల్లడించినట్టూ, ఆ చర్చలో పాల్గొన్నారో లేదో కూడా ఉండాలి.

హాజరు దగ్గర మరో పొరపాటు జరుగుతుంటుంది. పై ఉదాహరణలో సీఎఫ్ఓ డైరెక్టర్ కాకపోతే ఆయన ఆహ్వానితుడే. డైరెక్టర్ల జాబితాలో కలిపేస్తే కోరం లెక్క తప్పుతుంది. వీడియోలో చేరినవారి పేరు పక్కన ఆ మాట రాయండి. మధ్యలో వెళ్లిపోయినవారు ఏ అంశాల్లో పాల్గొనలేదో చూపండి. తేదీ, వారం, చోటుతో పాటు మొదలైన, ముగిసిన సమయాలూ వేయండి. ముగిసిన సమయం ట్రైనీలు తరచూ మర్చిపోతారు.

సెక్రటేరియల్ స్టాండర్డ్-1 ప్రకారం డ్రాఫ్టు 15 రోజుల్లోపు డైరెక్టర్లకు వెళ్లాలి. అభిప్రాయాలు చెప్పడానికి వాళ్లకు 7 రోజులుంటాయి. మీటింగ్ అయిన 30 రోజుల్లోపు మినిట్స్ బుక్‌లో ఎక్కించాలి. తీసివేతలన్నీ ఈలోపే తేల్చుకోండి. ఒకసారి ఎక్కించాక ఒక్క మాట మార్చాలన్నా తర్వాతి మీటింగ్‌లో బోర్డు ఆమోదం కావాలి.