రెండేళ్లు నిండితే మోకీలు ఆపరేషన్‌కు క్లెయిమ్ వస్తుందా?

ప్రశ్న: మాది మర్రిగూడ మండలం. మా అమ్మకు 58 ఏళ్లు. 2024 నవంబర్ 5న ఆమె పేరిట రూ.3 లక్షల ఆరోగ్య బీమా తీసుకుని, 2025 రెన్యువల్‌లో రూ.5 లక్షలకు పెంచాను. మోకాలి కీలు మార్చాలని, రూ.4.5 లక్షలు అవుతుందని డాక్టర్ అన్నారు. రెండేళ్లు నిండితే చాలని ఏజెంట్ చెప్పాడు కాబట్టి 2026 డిసెంబర్‌లో చేయిద్దామనుకుంటున్నాం. 2024 జూన్‌లో నల్లగొండలో ఎక్స్‌రే తీయించాం, అరుగుదల అన్నారు. ఫారంలో అది రాయలేదు. క్లెయిమ్ వస్తుందా?

జవాబు: మీ ఏజెంట్ చెప్పిన రెండేళ్ల గడువు అబద్ధం కాదు కానీ, అది మీ పాలసీలోని ఒక షరతు మాత్రమే. పాలసీ పత్రంలో మినహాయింపుల భాగం తెరిస్తే Excl01, Excl02 అనే రెండు కోడ్‌లు కనిపిస్తాయి. రెండోది కొన్ని ఎంపిక చేసిన జబ్బులకు, ఆపరేషన్లకు సంబంధించినది. శుక్లాలు, హెర్నియా, పిత్తాశయంలో రాళ్లు వంటి వాటితో పాటు ప్రమాదం వల్ల కాకుండా చేసే కీలు మార్పిడి కూడా సాధారణంగా ఆ జాబితాలో ఉంటుంది, వాటికి చాలా పాలసీల్లో వెయిటింగ్ పీరియడ్, అంటే క్లెయిమ్ కోసం ఆగాల్సిన కాలం, 24 నెలలు. ఏజెంట్ చూసింది ఇదే.

మొదటి కోడ్ ముందునుంచి ఉన్న జబ్బులది. పాలసీ మొదలైన తేదీకి ముందు 36 నెలల్లో డాక్టర్ నిర్ధారించినా, సలహా ఇచ్చినా, చికిత్స చేసినా ఆ జబ్బు ఇందులోకి వస్తుంది, దీనికి గరిష్ఠంగా 36 నెలలు ఆగాలి. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన మీ ప్రాంతంలో మోకాళ్ల నొప్పి లేని ఇల్లు అరుదు. డాక్టర్ దగ్గరికి వెళ్లని నొప్పి ఈ నిర్వచనంలోకి రాదు. కానీ పాలసీకి 5 నెలల ముందు ఎక్స్‌రే తీయించి అరుగుదల అని చెప్పించుకున్నారు కాబట్టి మీ అమ్మగారి మోకాలు నేరుగా వస్తుంది. ఒకే జబ్బు రెండు కోడ్‌ల కిందికి వస్తే ఎక్కువ కాలం ఉన్నదే వర్తిస్తుందని Excl02 లోనే రాసి ఉంటుంది, ఆ వాక్యాన్ని చదివేవారు తక్కువ. కనుక మీ పాలసీలో మొదటి కోడ్ గడువు 36 నెలలే అయితే, మీకు లెక్కకు వచ్చే తేదీ 2026 నవంబర్ కాదు, 2027 నవంబర్ 5.

అది కూడా మొదటి రూ.3 లక్షలకే. బీమా మొత్తాన్ని పెంచినప్పుడు, పెరిగిన భాగానికి వెయిటింగ్ పీరియడ్ మళ్లీ మొదటి నుంచి లెక్కిస్తారు. మీరు 2025లో కలిపిన రూ.2 లక్షలు 2028 నవంబర్ వరకు ఈ మోకాలికి పనికిరావు. అంటే 2027 చివర్లో ఆపరేషన్ జరిగి మిగతా షరతులన్నీ సరిపోయినా, రూ.4.5 లక్షల బిల్లులో కనీసం రూ.1.5 లక్షలు మీ చేతి నుంచే పోతాయి.

వీటన్నింటికంటే నన్ను ఆందోళనపరిచేది ప్రపోజల్ ఫారంలోని ఖాళీ గడి. 36 నెలలు నిండాక కూడా, ఆ జబ్బును దరఖాస్తులో వెల్లడించి కంపెనీ అంగీకరించి ఉంటేనే కవరేజీ ఉంటుందని Excl01 చెబుతుంది. అరుగుదల ఒక్కరోజులో రాదు కాబట్టి ఇలాంటి క్లెయిమ్‌లో కంపెనీ పాత ఓపీ చీటీలు అడగడం మామూలే, పైగా చేర్చుకునేటప్పుడు డ్యూటీ డాక్టర్ "నొప్పి ఎన్నాళ్లుగా?" అని అడిగి కేస్‌షీట్‌లో రాసే ఒక్క లైనే చాలు. తిరస్కరణ వెయిటింగ్ పీరియడ్ మీద కాకుండా సమాచారం దాచారనే కారణం మీద వస్తే, పోయేది ఈ క్లెయిమ్ ఒక్కటే కాదు, పాలసీ కూడా రద్దు కావచ్చు. ఆ లైన్‌ను మార్చి రాయమని డాక్టర్‌ను అడిగేవారిని చూశాను. అది దాచిన విషయాన్ని మోసంగా మారుస్తుంది. 60 నెలలు విరామం లేకుండా కొనసాగిన పాలసీని వెల్లడించలేదనే కారణంతో ప్రశ్నించకూడదన్న నియమానికి కూడా నిరూపితమైన మోసమే మినహాయింపు.

అందుకని క్లెయిమ్ పెట్టే దాకా ఆగకుండా, 2024 జూన్ ఎక్స్‌రే రిపోర్టు, చీటీ జతచేసి, ఫారం నింపేటప్పుడు ఇది పొరపాటున వదిలేశామని కంపెనీకి ఇప్పుడే రాతపూర్వకంగా తెలియజేయండి. వారు అదనపు ప్రీమియం అడగవచ్చు, ఈ జబ్బుకు కొత్త గడువు పెట్టవచ్చు, రద్దు చేసే అవకాశమూ లేకపోలేదు. ఇది చేదు మాటే, కానీ ఆసుపత్రి బిల్లు చేతిలో పట్టుకుని వినడం కంటే ముందుగా వినడమే నయం. జవాబును ఎండార్స్‌మెంట్, అంటే పాలసీలో మార్పును నమోదు చేసే పత్రం, రూపంలో పాలసీకి జతచేయించుకోండి.

ఆపరేషన్ ఎంతకాలం ఆగవచ్చో నిర్ణయించవలసినది సర్జన్, బీమా తేదీ కాదు. 2027 నవంబర్ దాకా ఆగలేరని ఆయన అంటే, క్లెయిమ్ రాదనుకునే డబ్బు సర్దుకోండి. ఆగవచ్చంటే, ఆలోగా రెన్యువల్ ఒక్కరోజు కూడా తప్పకుండా చూసుకుని, మోకీలు మార్పిడికి విడిగా పరిమితి ఏమైనా ఉందా అని పాలసీ షెడ్యూల్‌లో వెతకండి. గది అద్దె పరిమితి కూడా చూడండి: రోజుకు రూ.3,000 పరిమితి ఉన్నచోట రూ.6,000 గది తీసుకుంటే, అద్దెతో పాటు సర్జన్ ఫీజు, థియేటర్ ఛార్జీల వంటివి కూడా సగానికి కోస్తారు. మందులకు, కృత్రిమ కీలు ధరకు ఆ కోత వర్తించదు.